గ్రేప్‌ఫ్రూట్ జ్యూస్, కొబ్బరి నీళ్లు, ఆకుకూరలు: కొలెస్ట్రాల్, బీపీ, గుండె మాత్రలు వాడేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

దిల్‌సుఖ్‌నగర్ వైపు మందుల షాపు కౌంటర్ వెనక నిలబడేవాణ్ణి. ఒకే సందేహం వారంలో ఎన్నిసార్లు వింటానో లెక్కలేదు, అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు, ఏ జవాబుకి ఆ జవాబే పూర్తిగా ఉంటుంది. మీ మాత్రల స్ట్రిప్ పక్కన పెట్టుకుని చదవండి. కంపెనీ పేరు కాకుండా దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చూడాలి.

## మాత్ర మొదలుపెట్టే ముందు

గ్రేప్‌ఫ్రూట్ అంటే ద్రాక్షేనా? ద్రాక్ష మానేయాలా?

కాదు. ద్రాక్షకీ దీనికీ సంబంధం లేదు. గ్రేప్‌ఫ్రూట్ నిమ్మ, నారింజ జాతి పండు, బత్తాయి కంటే పెద్దగా ఉంటుంది, లోపల ఎర్రగానో లేత పసుపుగానో ఉండి కొంచెం చేదు తగులుతుంది. చెట్టుకి గుత్తులుగా కాస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. మన దగ్గర పెద్ద సూపర్ మార్కెట్లలో, హోటల్ బ్రేక్‌ఫాస్ట్ బఫేల్లో, టెట్రా ప్యాకుల్లో కనిపిస్తుంది. డాక్టరు “గ్రేప్‌ఫ్రూట్ వద్దు” అంటే ఇంట్లో అందరూ కలిసి పెద్దాయనకి ద్రాక్షపళ్లు ఆపేసిన సందర్భాలు నేను చాలా విన్నాను. ద్రాక్ష హాయిగా తినొచ్చు, షుగర్ ఉంటే ఆ లెక్క వేరు.

ఇంతకీ ఒక పండ్లరసం మాత్రని ఏం చేస్తుంది?

మనం మింగిన మాత్ర మొత్తం రక్తంలోకి వెళ్లదు. సన్నపేగు గోడలో సిప్ 3ఏ4 అనే ఎంజైమ్ ఉంటుంది, అది చాలా మందుల్లో కొంత భాగాన్ని రక్తంలోకి చేరకముందే విరగ్గొట్టేస్తుంది. మందు కంపెనీలు ఈ నష్టాన్ని ముందే లెక్కలో వేసుకుని డోసు నిర్ణయిస్తాయి. ఉదాహరణకి సిమ్వాస్టాటిన్‌లో చాలా కొద్ది భాగమే రక్తంలోకి చేరుతుంది, మిగతాది పేగులోనూ లివర్‌లోనూ పోతుంది, అలా పోతుందని తెలిసే అంత డోసు ఇస్తారు.

గ్రేప్‌ఫ్రూట్‌లో ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి పేగు గోడలోని ఆ ఎంజైమ్‌ని శాశ్వతంగా పాడు చేస్తాయి. కాసేపు అడ్డుపడి తప్పుకోవడం కాదు, పాడైన ఎంజైమ్ ఇక పనికిరాదు, పేగు కణాలు కొత్తది తయారు చేసుకోవాల్సిందే. ఈలోపు మీరు మింగిన మాత్ర విరగకుండా ఎక్కువ మోతాదులో రక్తంలోకి వచ్చేస్తుంది. స్ట్రిప్ మీద 20 అని ఉన్నా ఒంట్లోకి వెళ్లేది ఇంకా పెద్ద మాత్ర వేసుకున్నంత.

ఇది నిజంగా రుజువైందా, లేక వాట్సాప్ కబురా?

రుజువైందే, పైగా అనుకోకుండా బయటపడింది. కెనడాలోని ఒంటారియోలో డేవిడ్ బెయిలీ అనే ఫార్మకాలజీ శాస్త్రవేత్త, ఫెలోడిపిన్ అనే బీపీ మందుకీ మద్యానికీ ఏమైనా పేచీ ఉందా అని చూస్తున్నాడు. మద్యం రుచి తెలియకుండా ఉండడానికి గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చాడు. తీరా చూస్తే మద్యం లేని రసం తాగినవాళ్లలో కూడా మందు మోతాదు రక్తంలో ఉండాల్సిన దానికంటే ఎంతో ఎక్కువ ఉంది. ఆ గమనింపు 1989లో అచ్చయింది, రసమే కారణమని తేల్చిన పరీక్ష 1991లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇంకో ముచ్చట, ఇదే బెయిలీ 1966లో మైలు పరుగుని నాలుగు నిమిషాల లోపు పూర్తి చేసిన మొదటి కెనడియన్. ఇప్పుడు చాలా మందుల కరపత్రాల్లో గ్రేప్‌ఫ్రూట్ హెచ్చరిక అచ్చు వేసే ఉంటుంది, మనం ఆ కాగితాన్ని మడత విప్పకుండా పారేస్తాం కాబట్టి తెలియదు.

మాకు రోజూ బత్తాయి జ్యూస్ అలవాటు. అది కూడా ఆపేయాలా?

అక్కర్లేదు. హైదరాబాద్‌లో నన్ను ఎక్కువమంది అడిగేది ఈ ప్రశ్నే. నల్లగొండ నుంచి వచ్చే బత్తాయి ఎక్కువగా సాత్‌గుడి రకం, అది తీపి నారింజ కుటుంబం. తీపి నారింజలో పేగు ఎంజైమ్‌ని పాడు చేసేంత ఫ్యూరానోకౌమరిన్లు ఉండవు. మోసంబి కూడా మన తోటల లెక్కలో తీపి నారింజ రకమే. రోడ్డు పక్క బండి మీద తాగినా, ఆస్పత్రి బయట రోగుల కోసం కొన్నా, ఈ మాత్రల విషయంలో భయం లేదు. చక్కెర ఎక్కువ వేయించుకోకండి, ఐసు సంగతి మీ కడుపు చూసుకుంటుంది.

పంపర పనస, కమలా, నిమ్మకాయ సంగతేమిటి?

పంపర పనస విషయంలో జాగ్రత్త కావాలి. గ్రేప్‌ఫ్రూట్ అనేదే పంపర పనస, తీపి నారింజ కలిసి పుట్టిన సంకరం, కాబట్టి తల్లి పండులోనూ ఆ ఫ్యూరానోకౌమరిన్లు ఉంటాయి. పెరట్లో చెట్టు ఉండి సీజన్‌లో రోజూ ఒలుచుకు తినే ఇళ్లున్నాయి, అలాంటి ఇంట్లో సిమ్వాస్టాటిన్ వాడే మనిషి ఉంటే ఆ పండు ఆయనకి పెట్టకండి. విదేశాల్లో మార్మలేడ్ చేసే చేదు నారింజ, అదే సెవిల్ ఆరెంజ్, కూడా ఇదే జాబితా.

కమలా పండు ఫర్వాలేదు. పప్పులో పిండే నిమ్మచెక్క, ఒక గ్లాసు నిమ్మరసం కూడా ఫర్వాలేదు.

## ఏ మాత్రకి ఎంత పేచీ

కొలెస్ట్రాల్ మాత్రలన్నిటికీ ఇది వర్తిస్తుందా?

లేదు, మాత్రని బట్టి మారుతుంది. సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ వాడుతుంటే గ్రేప్‌ఫ్రూట్ పూర్తిగా మానాలి. మామూలు గ్రేప్‌ఫ్రూట్ జ్యూస్ రోజూ ఒక గ్లాసు తాగినవాళ్లలో సిమ్వాస్టాటిన్ మోతాదు రక్తంలో మూడు రెట్లకు పైగా పెరిగినట్టు పరీక్షల్లో తేలింది.

రోజువాస్టాటిన్, ప్రావాస్టాటిన్, పిటావాస్టాటిన్‌లను ఈ ఎంజైమ్ పెద్దగా ముట్టుకోదు, వాటితో గ్రేప్‌ఫ్రూట్ తినొచ్చు. అటార్వాస్టాటిన్ మధ్యలో ఉంటుంది. మన ఊళ్లో డాక్టర్లు ఎక్కువగా రాసేది అటార్వా, రోజువా కాబట్టి చాలామందికి ఈ పండు అంత పెద్ద ముప్పు కాదు. విదేశాల్లో రాయించుకున్న చీటీతో వచ్చేవాళ్ల దగ్గర మాత్రం సిమ్వాస్టాటిన్ కనిపిస్తుంటుంది, నేను రెండోసారి అడిగేది వాళ్లనే.

నేను అటార్వా 10 వేసుకుంటాను. హోటల్లో ఒక గ్లాసు తాగితే ఏమవుతుంది?

బహుశా ఏమీ కాదు. అటార్వాస్టాటిన్ లేబుల్ మీద హెచ్చరిక రోజుకి 1.2 లీటర్లకు మించి తాగేవాళ్ల గురించి ఉంటుంది, మామూలు మనిషి అంత తాగడు. కానీ అందరి పేగులూ ఒకటి కాదు, కొందరిలో ఈ ఎంజైమ్ పేగులో ఎక్కువగా ఉంటుంది, వాళ్లకి అది పోయినప్పుడు తేడా కూడా ఎక్కువే. స్టెంట్ తర్వాత అటార్వా 40, 80 లాంటి పెద్ద డోసుల్లో ఉన్నవాళ్లు, వయసు 70 దాటినవాళ్లు, కిడ్నీ లేదా థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు రోజువారీ అలవాటు మాత్రం చేసుకోవద్దనేది నా మాట. ఎప్పుడో ఒక గ్లాసు తాగినందుకు టెన్షన్ పడొద్దు.

బీపీ మాత్రల్లో దేనికి భయపడాలి?

పేరు చివర “డిపిన్” అని ఉన్నవాటిని చూడండి. ఫెలోడిపిన్, నిఫెడిపిన్ వాడుతూ గ్రేప్‌ఫ్రూట్ తాగితే బీపీ అనుకున్నదానికంటే కిందికి దిగిపోవచ్చు, తల తిరగడం, ముఖం వేడెక్కి ఎర్రబడడం, తలనొప్పి, గుండె దడ, పాదాల వాపు రావచ్చు. సిల్నిడిపిన్ కూడా ఇదే ఎంజైమ్ దారిలో విరిగే మందు కాబట్టి దానితోనూ వద్దు.

ఆ వరసలో మినహాయింపు అమ్లోడిపిన్. అది పేగులో పెద్దగా విరగకుండానే రక్తంలోకి చేరిపోతుంది కాబట్టి గ్రేప్‌ఫ్రూట్‌కి ఆపడానికి అక్కడ ఏమీ మిగలదు. టెల్మిసార్టాన్, రామిప్రిల్, అటెనొలాల్, మెటోప్రొలాల్, క్లోర్‌థాలిడోన్ లాంటి వాటికి గ్రేప్‌ఫ్రూట్‌తో చెప్పుకోదగ్గ పేచీ లేదు.

స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాను. నాకేమైనా ఉందా?

ఉంది, మాత్రని బట్టి రెండు వ్యతిరేక దిక్కుల్లో ఉంది. టికాగ్రెలార్‌ని ఈ ఎంజైమే విరగ్గొడుతుంది, గ్రేప్‌ఫ్రూట్ రసం ఎక్కువగా తాగిస్తే దాని మోతాదు రక్తంలో సుమారు రెట్టింపైంది, అంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. క్లోపిడోగ్రెల్ కథ తిరగబడి ఉంటుంది. అది మింగినప్పుడు నిద్రపోతున్న మందు, ఒంట్లో ఎంజైములు దాన్ని మార్చాకే పనిచేస్తుంది, గ్రేప్‌ఫ్రూట్ ఆ మార్పుని అడ్డుకుని మందు బలాన్ని తగ్గించేస్తుంది. కొత్త స్టెంట్ ఉన్న మనిషికి అది మూసుకుపోయే ముప్పు. ఈ రెండింట్లో ఏది వాడుతున్నా గ్రేప్‌ఫ్రూట్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఆస్పిరిన్‌కి ఈ గొడవ లేదు.

గుండె లయ కోసం, ఛాతీ నొప్పి కోసం ఇచ్చే మాత్రలు?

అమియోడరోన్, ఐవాబ్రాడిన్, రానొలాజిన్. ఈ మూడింట్లో ఏది ఉన్నా గ్రేప్‌ఫ్రూట్ వద్దు, పంపర పనస వద్దు. ఇవి గుండె కొట్టుకునే తీరునే మారుస్తాయి, మోతాదు పెరిగితే లయ ప్రమాదకరంగా మారవచ్చు లేదా గుండె మరీ నెమ్మదించవచ్చు. ఇక్కడ “కొంచెం ఫర్వాలేదు” అనే మాట నేను చెప్పను.

## రోజూ వాడుతున్నప్పుడు

ఉదయం జ్యూస్ తాగి రాత్రి మాత్ర వేసుకుంటే సరిపోతుంది కదా?

సరిపోదు. అందరికీ తట్టే ఉపాయం ఇదే, పనికిరానిదీ ఇదే. రసం మాత్రతో కడుపులో కలవడం వల్ల వచ్చే ఇబ్బంది అయితే గంటల తేడా పనిచేసేది. రసం చేసేది పేగులోని ఎంజైమ్‌ని పాడు చేయడం, కొత్త ఎంజైమ్ తయారయ్యేదాకా ఆ ప్రభావం ఉంటుంది. గ్లాసు తాగిన 24 గంటల తర్వాత ప్రభావం బాగా తగ్గినా ఇంకా కొంత ఉంటుంది, మూడో రోజుకి ఆనవాళ్లు మిగులుతాయి, వారానికి ఏమీ ఉండదు. రోజూ ఉదయం తాగేవాళ్ల పేగు ఎప్పుడూ కోలుకోదు, రాత్రి మాత్రకి కూడా అదే దెబ్బ.

ఎంత తాగితే ప్రమాదం? పండు తింటే తక్కువా?

200 మిల్లీలీటర్ల గ్లాసు ఒక్కటి చాలు, లేదా ఒక పండు. రసం అయినా తొనలైనా తేడా లేదు, ఎర్రదైనా తెల్లదైనా తేడా లేదు. ఒక పండుకీ మరో పండుకీ ఆ పదార్థాల మోతాదు మారుతుంది కాబట్టి “నేను సగం పండే తింటాను” అనే లెక్క గట్టిది కాదు.

మిక్స్‌డ్ ఫ్రూట్ ప్యాకులో కొంచెం ఉంటుంది కదా, దాన్నీ చూడాలా?

వెనక ఉన్న పదార్థాల జాబితా చదవండి. గ్రేప్‌ఫ్రూట్ రసం అని రాసి ఉంటే లెక్కలోకి వస్తుంది. కేవలం రుచి కోసం ఫ్లేవర్ కలిపిన సోడాలో అసలు రసం ఉండకపోవచ్చు.

మా నాన్నగారు అమెరికాలో ఉన్నప్పుడు కాళ్లు నొప్పులన్నారు, ఇక్కడికొచ్చాక తగ్గింది కానీ కొలెస్ట్రాల్ పెరిగింది. ఇది పండు వల్లేనా?

కావచ్చు. ఇది ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణ కట్టి చూపిస్తాను. మనిషికి 64 ఏళ్లు అనుకుందాం, డాలస్‌లో కూతురి దగ్గర ఆరు నెలలు ఉన్నారు. అక్కడి డాక్టరు సిమ్వాస్టాటిన్ 20, అమ్లోడిపిన్ 5 రాశారు. అమ్లోడిపిన్ కూడా సిమ్వాస్టాటిన్ మోతాదుని రక్తంలో కొంత పెంచుతుంది, అందుకే ఆ రెండూ కలిపి వాడేటప్పుడు సిమ్వాస్టాటిన్ 20కి మించకూడదని నియమం. అంటే ఆయన ఇప్పటికే గీత అంచున ఉన్నారు.

ఇక టెక్సాస్‌లో ఎర్ర గ్రేప్‌ఫ్రూట్ రాష్ట్ర పండు, సీజన్‌లో సంచులకొద్దీ దొరుకుతుంది. కూతురు ఆరోగ్యానికి మంచిదని రోజూ పొద్దున ఒక పండు రసం తీసి ఇచ్చింది. ఇప్పుడు ఆయన మింగే 20 మిల్లీగ్రాముల మాత్ర ఒంట్లో 60కి పైగా వేసుకున్నట్టు నడుస్తోంది. కొలెస్ట్రాల్ రిపోర్ట్ అద్భుతంగా వచ్చింది, అందరూ సంతోషించారు. కొన్ని వారాలకి రెండు తొడలూ ఒకేలా నొప్పి, సోఫాలోంచి లేవాలంటే చేతులు ఊనాల్సి రావడం. వయసు, చలి అనుకున్నారు.

హైదరాబాద్ తిరిగొచ్చాక గ్రేప్‌ఫ్రూట్ లేదు, బత్తాయి తాగుతున్నారు. వారం, పది రోజుల్లో పేగు ఎంజైమ్ మామూలు స్థితికి వచ్చేసింది, 20 మళ్లీ 20 అయింది. నొప్పులు నెమ్మదిగా తగ్గాయి. రెండు నెలలకి రక్తపరీక్ష చేయిస్తే చెడు కొలెస్ట్రాల్ పెరిగింది. “ఇక్కడి కంపెనీ మందులో పవర్ లేదు” అని ఇంట్లో తీర్మానం. అక్కడి మంచి రిపోర్టులో కొంత పని గ్రేప్‌ఫ్రూట్ చేసిందని ఎవరికీ తట్టలేదు.

ఇలాంటప్పుడు డాక్టరుకి చెప్పాల్సింది ఏమిటంటే, ఏ నెలల్లో ఏ పండు తిన్నారు, నొప్పి ఎప్పుడు మొదలై ఎప్పుడు తగ్గింది, రెండు రిపోర్టుల తేదీలు. అప్పుడు ఆయన ఈ ఎంజైమ్‌తో పనిలేని రోజువాస్టాటిన్‌కి మార్చొచ్చు, మళ్లీ డాలస్ వెళ్లినా గొడవ ఉండదు. నొప్పి ఉండగానే డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటే సీపీకే పరీక్ష రాసేవారు, కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది అదే.

మామూలు ఒళ్లు నొప్పులకీ, మాత్ర వల్ల వచ్చే కండరాల నొప్పికీ తేడా ఎలా తెలుస్తుంది?

స్టాటిన్, అంటే ఈ కొలెస్ట్రాల్ మాత్రల వల్ల వచ్చే నొప్పి, ఎక్కువగా రెండు వైపులా ఒకేలా, పెద్ద కండరాల్లో వస్తుంది. తొడలు, పిరుదులు, భుజాలు, పిక్కలు. కీలు నొప్పి కాదు, కండ నొప్పి, నొక్కితే తెలుస్తుంది. మెట్లెక్కడం, కుర్చీలోంచి లేవడం, పైన అల్మరాలో డబ్బా అందుకోవడం కష్టమవుతుంది. ఒక మోకాలు మాత్రమే, లేదా మెడకి ఒక పక్కే నొప్పి అయితే మాత్రని అనుమానించే ముందు వేరే కారణం చూడాలి. కొత్త మాత్ర మొదలైన లేదా డోసు పెరిగిన కొన్ని వారాల్లో వచ్చిన నొప్పి మీద అనుమానం ఎక్కువ.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. కండరాల నొప్పి, నీరసంతో పాటు మూత్రం డికాక్షన్ రంగులోకి మారితే మరుసటి రోజుకి వాయిదా వేయొద్దు, స్టాటిన్ ఆపి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. కండరం కరిగి ఆ పదార్థం కిడ్నీలని మూసేస్తోందన్న అనుమానం అది. ఇది అరుదు, కానీ వచ్చినప్పుడు గంటలు కూడా లెక్కే.

తెలియక నిన్న తాగేశాను. ఇవాళ మాత్ర మానేయనా?

మీ అంతట మీరు మానేయకండి. బీపీ మాత్ర అకస్మాత్తుగా ఆపితే బీపీ ఎగిసిపడొచ్చు, స్టెంట్ ఉన్నవాళ్లు రక్తం పలచబడే మాత్ర ఒక్క రోజు తప్పినా ప్రమాదమే. ఒక గ్లాసు తాగినవాళ్లు చేయాల్సింది ఇంకొకటి తాగకపోవడం. నిఫెడిపిన్, ఫెలోడిపిన్ వాడేవాళ్లు ఆ రోజూ మరుసటి రోజూ మంచం మీంచి నెమ్మదిగా లేవండి, ఇంట్లో మిషన్ ఉంటే బీపీ చూసుకోండి. సిమ్వాస్టాటిన్ అయితే ఒకటి రెండు రోజులు ఆపమంటారా అని డాక్టరుకి ఫోన్ చేసి అడగొచ్చు, కొలెస్ట్రాల్ మాత్ర రెండు రోజులు ఆగినంత మాత్రాన ఏమీ కొంపలు మునగవు. అమియోడరోన్, ఐవాబ్రాడిన్, రానొలాజిన్ వాడేవాళ్లకి కళ్లు తిరిగి పడిపోవడం, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకోవడం ఉంటే 108కి ఫోన్ చేయండి.

జ్యూస్ తాగితే మందు బలం పెరుగుతుందంటున్నారు. సగం మాత్రతో సరిపెట్టుకుంటే డబ్బు మిగులుతుందిగా?

ఈ ప్రశ్న నవ్వుతూ అడుగుతారు గానీ కొందరు నిజంగానే ఆలోచిస్తారు. పని చేయదు. ఏ పండులో ఎంత ఉంటుందో తెలియదు, మీ పేగులో ఎంజైమ్ ఎంతుందో తెలియదు, ఒక వారం పండు దొరక్కపోతే సగం మాత్ర సగం మాత్రే. పైగా గ్రేప్‌ఫ్రూట్ ధరకి ఇక్కడ మాత్రలే చవక.

## గ్రేప్‌ఫ్రూట్ కాకుండా మన ఇంటి తిండి

టెల్మిసార్టాన్ వేసుకుంటున్నాను. ఎండాకాలం రోజూ కొబ్బరి బొండం తాగొచ్చా?

కిడ్నీలు బాగుండి ఆ ఒక్క మాత్రే వాడుతుంటే రోజుకి ఒకటి సాధారణంగా ఫర్వాలేదు. ఇక్కడ పేచీ ఎంజైమ్‌తో కాదు, పొటాషియంతో. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి ఒంట్లోంచి పొటాషియం బయటికి పోకుండా కొంత ఆపుతాయి. స్పైరోనోలాక్టోన్, ఎప్లెరినోన్ ఇంకా గట్టిగా ఆపుతాయి. ఒక బొండంలో అర గ్రాము, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పొటాషియం ఉంటుంది. మంచి కిడ్నీ దాన్ని పంపించేస్తుంది, క్రియాటినిన్ పెరిగిన కిడ్నీ పంపలేదు.

కాబట్టి క్రియాటినిన్ ఎక్కువ ఉన్నవాళ్లు, చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లు, గుండె బలహీనత వల్ల రామిప్రిల్ రకం మాత్రతో పాటు స్పైరోనోలాక్టోన్ కూడా వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా రోజూ తాగొద్దు. ఇందులో చిక్కేమిటంటే పొటాషియం పెరిగినట్టు తరచుగా ఒంటికి తెలియదు. కొందరికి కాళ్లలో నీరసం ఉంటుంది, చాలామందికి ఏమీ ఉండదు, మొదటి లక్షణమే గుండె లయ తప్పడం కావచ్చు. రక్తపరీక్షలో 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఇలాంటి మాత్ర మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూపించుకోమంటారు, చాలామంది ఆ పరీక్ష ఎగ్గొడతారు.

బీపీకి మంచిదని లో సోడియం ఉప్పు కొన్నాం. దానికీ మాత్రకీ ఏమైనా ఉందా?

ఉంది, నన్నడిగితే బొండం కంటే ఇదే ఎక్కువ చూసుకోవాల్సింది, ఎందుకంటే ఇది రోజూ ప్రతి కూరలో పడుతుంది. ఆ ఉప్పులో సోడియం తగ్గించి దాని స్థానంలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. పావు వంతు కలిపారనుకుంటే ఒక టీస్పూన్ ఉప్పులో, అంటే 5 గ్రాముల్లో, సుమారు 650 మిల్లీగ్రాముల పొటాషియం ఉన్నట్టు. కిడ్నీలు బాగున్నవాళ్లకి ఇది మేలే చేస్తుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో మామూలు ఉప్పుకి బదులు ఇలాంటి ఉప్పు వాడమని సూచించింది, అయితే కిడ్నీ సమస్య ఉన్నవాళ్లని అందులోంచి మినహాయించింది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ రకం మాత్రల మీద ఉన్నవాళ్లు క్రియాటినిన్ రిపోర్ట్ చూపించి డాక్టరుని అడిగాకే ప్యాకెట్ విప్పండి. స్పైరోనోలాక్టోన్ వాడుతుంటే కొనొద్దు.

గుండె వాల్వ్ మార్చారు. గోంగూర, పాలకూర పూర్తిగా మానేయమని ఇంట్లో అంటున్నారు, నిజమేనా?

మానక్కర్లేదు. వాల్వ్ మార్చినవాళ్లకి ఇచ్చే అసెనోకౌమరాల్, వార్ఫరిన్ మాత్రలు విటమిన్ కె పనిని అడ్డుకుని రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి. ఆకుకూరల్లో ఆ విటమిన్ ఎక్కువ, పాలకూర, తోటకూర, మునగాకు, కొత్తిమీర అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే మీ ఐఎన్ఆర్ రిపోర్ట్ చూసి డాక్టరు డోసు పెట్టేది మీరు ఇప్పుడు తింటున్న తిండి మీద. మీరు ఆకుకూర మొత్తం ఆపేస్తే అదే డోసు ఎక్కువైపోయి ఐఎన్ఆర్ పెరుగుతుంది, చిగుళ్లు, ముక్కు, మూత్రంలో రక్తం కనిపించొచ్చు. తర్వాత ఊరికి వెళ్లి వారమంతా పుంటికూర పచ్చడి, పాలకూర పప్పు లాగించేస్తే ఐఎన్ఆర్ పడిపోయి వాల్వ్ మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం.

కావలసింది నిలకడ. వారంలో మూడుసార్లు ఆకుకూర తినే ఇల్లయితే ఆ మూడుసార్లే కొనసాగించండి. ఉపవాసాలు, రంజాన్ నెల, కార్తీక మాసం, జ్వరం వచ్చి నాలుగు రోజులు తినలేకపోవడం, ఇలా తిండి మారినప్పుడల్లా ఐఎన్ఆర్ ముందుగానే చూపించుకోండి.

బిర్యానీ తిన్నాక గ్యాస్ సిరప్ తాగి రోజువా వేసుకుంటాను. పరవాలేదా?

అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న తెల్లటి యాంటాసిడ్ సిరప్ రోజువాస్టాటిన్‌ని పట్టుకుని రక్తంలోకి చేరేదాన్ని సుమారు సగానికి తగ్గిస్తుంది. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత సిరప్ తాగండి. ఇక్కడ గంటల తేడా నిజంగా పనిచేస్తుంది.

దగ్గుకి అతిమధురం చప్పరిస్తే బీపీ పెరుగుతుందా?

రెండు రోజులు చప్పరిస్తే భయం లేదు. వారాల తరబడి రోజూ పొడి, కషాయం తీసుకుంటే పెరుగుతుంది. అతిమధురంలోని గ్లైసిరైజిన్ ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలిపి పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది, బీపీ మాత్ర ఒకవైపు లాగుతుంటే ఇది రెండోవైపు లాగుతుంది. ఒంట్లో నీటిని మూత్రంలో పంపించే నీళ్ల మాత్రలు వాడేవాళ్లకి పొటాషియం అప్పటికే తగ్గుతూ ఉంటుంది, గుండెకి ఇచ్చే డిగాక్సిన్ కూడా ఉంటే తగ్గిన పొటాషియంతో ఆ మందు విషమించి గుండె లయ తప్పుతుంది. మాత్రలు మానకుండా వేసుకుంటున్నా బీపీ ఎందుకు దిగట్లేదని వెతికేటప్పుడు, రోజూ తాగే కషాయం పొడి డబ్బా వెనక్కి తిప్పి యష్టిమధు అని ఉందేమో చూడండి, రెండూ ఒకటే.